పద్ధతుల విభాగం: ఏ వివరం ఉంచాలి, ఏది తీసివేయాలి

1. లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:

- పద్ధతుల విభాగంలోని ఒక వివరం అవసరమా, అనవసరమా అని నిర్ణయించగలుగుతారు.
- పొడవుగా ఉండి కూడా అసంపూర్తిగా మిగిలిన పేరాను గుర్తించి తిరగరాయగలుగుతారు.
- ఇతరుల పద్ధతిని ఉటంకించి వివరణను ఎప్పుడు తగ్గించవచ్చో, ఎప్పుడు తగ్గించకూడదో చెప్పగలుగుతారు.

2. పరిచయం

క్లినికల్ అధ్యయనపు నివేదికలో పద్ధతుల విభాగం ఎందుకు ఉంటుంది? మీరు చేసిన పనిని, మీతో ఏ పరిచయమూ లేని మరొకరు, మరొక ఊరిలో, మీకు ఫోన్ చేసి అడగకుండానే మళ్ళీ చేసి చూడగలగాలి. దీనినే పునరావృత యోగ్యత అంటాం. ఈ మాట విన్న విద్యార్థులు సాధారణంగా రెండు దారులలో ఒకటి పడతారు. కొందరు 'ప్రామాణిక పద్ధతిలో కొలిచాం' అని ఒక్క వాక్యంతో ముగిస్తారు. మరికొందరు ఏ వివరం వదిలితే ఏమవుతుందో అన్న భయంతో రిజిస్టరు రంగుతో సహా అన్నీ రాస్తారు. పైకి ఇవి ఎదురెదురు లోపాల్లా కనిపిస్తాయి గాని, రెండింటికీ మూలం ఒకటే. ఏ వివరం ఫలితాన్ని మారుస్తుందో రచయిత ఆలోచించలేదు. అందువల్ల చాలాసార్లు ఒకే పేరాలో రెండు లోపాలూ కలిసి ఉంటాయి.

ఈ పాఠ్యభాగంలో ఒకే ఒక్క ప్రక్రియను, అంటే రక్తపోటు కొలతను, ఉదాహరణగా తీసుకుందాం. ఆరోగ్య పరిశోధనలో ఇంతకన్నా మామూలు పని లేదు. అందరికీ తెలిసిన పని కాబట్టే దానిని రాయడంలో నిర్లక్ష్యం ఎక్కువ.

3. ఒక అర వాక్యం లోపించినప్పుడు: స్ప్రింట్ అధ్యయనం

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఆధ్వర్యంలో జరిగిన స్ప్రింట్ అధ్యయనం ఫలితాలు 2015 నవంబరులో వెలువడ్డాయి. 50 ఏళ్ళు, ఆ పైబడిన 9,361 మంది అందులో పాల్గొన్నారు. ఒక వర్గంలో సిస్టోలిక్ రక్తపోటును 140 మి.మీ. పాదరసం కంటే తక్కువకు, రెండవ వర్గంలో 120 కంటే తక్కువకు తేవాలన్నది లక్ష్యం. 120 లక్ష్యంగా పెట్టుకున్న వర్గంలో గుండె, రక్తనాళాల సమస్యలు సుమారు నాలుగో వంతు తగ్గాయి. ప్రపంచమంతటా వైద్యుల చికిత్సా లక్ష్యాన్ని మార్చగల ఫలితం ఇది.

రక్తపోటును ఎలా కొలిచారో ఆ వ్యాసం ఒకే వాక్యంలో చెప్పింది. రోగి కూర్చుని 5 నిమిషాలు నిశ్శబ్దంగా విశ్రాంతి తీసుకున్న తరువాత స్వయంచాలక పరికరంతో మూడుసార్లు కొలిచి సగటు తీసుకున్నామని, ఆ పరికరం ఓమ్రాన్ 907 మోడల్ అని అందులో ఉంది. చూడటానికి మంచి వాక్యమే. భంగిమ, విశ్రాంతి, పరికరం, కొలతల సంఖ్య, సగటు అన్నీ ఉన్నాయి. లేనిది ఒక్కటే: కొలిచేటప్పుడు సిబ్బంది గదిలో ఉన్నారా, లేరా?

ఇది చిన్న విషయం కాదు. తెల్లకోటు ఎదురుగా ఉంటే చాలామందికి రక్తపోటు పెరుగుతుంది. గదిలో ఎవరూ లేకుండా యంత్రమే కొలిస్తే అంకె తగ్గవచ్చు. స్ప్రింట్‌లో రోగులను ఒంటరిగా ఉంచి కొలిచి ఉంటే, వారి 120 అంటే మన ఆస్పత్రిలో నర్సు ఎదురుగా కొలిచిన 120 కాదు, అంతకన్నా ఎక్కువ. అది తెలియక మామూలు ఆస్పత్రి కొలతతో 120 కోసం మందులు పెంచుకుంటూ పోతే, కొందరు వృద్ధులకు రక్తపోటు మరీ పడిపోయి కళ్ళు తిరిగి పడే ప్రమాదం ఉంది. కాబట్టి వ్యాసం వచ్చాక ఈ ఒక్క ప్రశ్న మీద వైద్య పత్రికలలో పెద్ద చర్చ నడిచింది. చివరకు అధ్యయన బృందమే తమ కేంద్రాలను అడిగి తెలుసుకొని 2018లో సమాధానం ప్రచురించవలసి వచ్చింది. కొన్ని కేంద్రాలలో సిబ్బంది గదిలో ఉన్నారు, కొన్నింటిలో లేరు, మరికొన్నింటిలో విశ్రాంతి సమయంలో మాత్రమే బయటికి వెళ్ళారు. రెండు రకాల కేంద్రాలలోనూ సాధించిన రక్తపోటు ఇంచుమించు ఒకేలా ఉందని కూడా వారు చూపించారు.

ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, ఆ వాక్యాన్ని పేజీ పొడవునా సాగదీయనవసరం లేదు. 'కొలిచే సమయంలో సిబ్బంది ఉనికి విషయంలో కేంద్రాలకు ఒకే నియమం విధించలేదు' అన్న ఒక్క వాక్యం చేరితే చాలు. పద్ధతుల విభాగంలో లోటును పొడవుతో కొలవలేం.

4. ప్రతి వివరానికి రెండు ప్రశ్నలు

దీనినుంచి మనకు ఒక పరీక్ష దొరుకుతుంది. చిత్తుప్రతిలోని ప్రతి వివరాన్నీ ఈ రెండు ప్రశ్నలు అడగండి.

*మొదటి ప్రశ్న:* ఈ పనిని వేరొకరు వేరే విధంగా చేస్తే ఫలితం మారే అవకాశం ఉందా?

*రెండవ ప్రశ్న:* ఈ వివరం చెప్పకపోతే, ఆ రంగం తెలిసిన పాఠకుడు దానిని తనంతట తాను సరిగ్గా ఊహించగలడా?

మొదటిదానికి 'అవును', రెండవదానికి 'లేదు' అయితే ఆ వివరం ఉండి తీరాలి. మొదటిదానికి 'లేదు' అయితే తీసివేయండి. మొదటిదానికి 'అవును', రెండవదానికీ 'అవును' అయితే, ఆ పని పేరు ఒక్క మాటలో చెబితే సరిపోతుంది. ఉదాహరణకు 'కఫ్‌లోకి గాలి నింపి, నెమ్మదిగా వదిలి' అని రాయనక్కరలేదు. స్వయంచాలక పరికరం అంటేనే అది ఆ పని చేస్తుందని పాఠకుడికి తెలుసు.

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మీ కొలత ఏయే కారణాల వల్ల కదులుతుందో మీకు తెలిసి ఉండాలి. ఇది భాషకు సంబంధించిన నైపుణ్యం కాదు, విషయ పరిజ్ఞానం. రక్తపోటు విషయంలో ముఖ్యమైనవి చూడండి. చేయి గుండె ఎత్తు కంటే కిందికి వేలాడితే, ప్రతి సెంటీమీటరుకు సుమారు 0.77 మి.మీ. ఎక్కువ చూపిస్తుంది. కారణం కేవలం ఆ ఎత్తున్న రక్తస్తంభపు బరువు. అంటే చేయి 10 సెం.మీ. కిందికి ఉంటే దాదాపు 8 మి.మీ. తేడా వస్తుంది. చేతి లావుకు చిన్నదైన కఫ్ చుడితే ఎక్కువ, పెద్దదైన కఫ్ చుడితే తక్కువ చూపిస్తుంది. మాట్లాడుతున్నా, కాలు మీద కాలు వేసుకున్నా, మూత్రం నిండుగా ఉన్నా, అప్పుడే కాఫీ తాగినా అంకె పెరుగుతుంది. వరుసగా కొలిచినప్పుడు మొదటి అంకె సాధారణంగా తక్కినవాటికంటే ఎక్కువగా ఉంటుంది. కుర్చీ రంగు, రిజిస్టరు సైజు, కలం సిరా ఈ జాబితాలో లేవు. జాబితా చేతిలో ఉంటే కోత ఎక్కడ వేయాలో తేలికగా తెలుస్తుంది.

5. ఒక చిత్తుప్రతిని సరిదిద్దుదాం

ఒక ఊహాత్మక అధ్యయనం తీసుకుందాం. కొన్ని గ్రామాలలో సగం కుటుంబాలకు మామూలు ఉప్పు, సగం కుటుంబాలకు సోడియం తగ్గించిన ఉప్పు ఇచ్చి, 12 వారాల తరువాత పెద్దల సిస్టోలిక్ రక్తపోటులో తేడా చూస్తున్నారు. విద్యార్థి రాసిన చిత్తుప్రతి ఇలా ఉంది:

> రక్తపోటు గుండెజబ్బులకు ముఖ్యమైన కారణం కాబట్టి దానిని జాగ్రత్తగా కొలవడం అవసరం. ఆశా కార్యకర్త ద్వారా కబురు పంపి, పాల్గొన్నవారిని ఉదయం ఉపకేంద్రానికి పిలిపించడం జరిగింది. వారు వచ్చిన తరువాత పేరు, వయసు, ఊరు వివరాలను పొడవాటి రిజిస్టరులో నమోదు చేయడం జరిగింది. తరువాత వారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కొంతసేపు విశ్రాంతి ఇవ్వడం జరిగింది. శిక్షణ పొందిన సిబ్బంది డిజిటల్ బీపీ పరికరాన్ని స్విచ్ ఆన్ చేసి, చేతికి కఫ్ చుట్టి, బటన్ నొక్కి, తెరపై కనిపించిన అంకెను ప్రామాణిక పద్ధతిలో నమోదు చేశారు. అవసరమైనప్పుడు మళ్ళీ కొలిచి సగటు తీసుకోవడం జరిగింది. ఆ అంకెలను అదేరోజు సాయంత్రం కంప్యూటరులో ఎక్కించి, పాస్‌వర్డ్ పెట్టి, ప్రతి శుక్రవారం పెన్‌డ్రైవ్‌లో భద్రపరచడం జరిగింది.

ఇది చదివి మరొకరు ఈ కొలతను మళ్ళీ చేయగలరా? వాక్యం వాక్యం చూద్దాం.

*మొదటి వాక్యం* పద్ధతి కాదు. అది ఉపోద్ఘాతంలో ఉండవలసిన మాట. తీసివేయండి.

*రెండవ వాక్యంలో* ఆశా కార్యకర్త ద్వారా పిలిపించడం కొలతను మార్చదు. కానీ ఎవరు అధ్యయనంలోకి వచ్చారు, ఎవరు రాలేదు అన్నదానిని అది మార్చవచ్చు. అందువల్ల ఆ వివరం వృథా కాదు, చోటు తప్పింది. 'పాల్గొన్నవారి ఎంపిక' అన్న భాగానికి పంపండి. 'ఉదయం' అన్న మాట మాత్రం ఇక్కడే ఉండాలి. రక్తపోటు రోజులో వేళను బట్టి మారుతుంది, బీపీ మాత్ర వేసుకున్న సమయాన్ని బట్టి కూడా మారుతుంది. కాబట్టి 'ఉదయం' అన్నది 'ఉదయం 8–10 గంటల మధ్య' కావాలి.

*మూడవ వాక్యం*, రిజిస్టరు సంగతి, తీసివేయండి. *నాల్గవ వాక్యంలో* 'ప్లాస్టిక్' అక్కరలేదు. వీపుకు ఆనుడు ఉందా, కాళ్ళు నేలకు ఆనాయా అన్నది కావాలి. 'కొంతసేపు' అన్న మాట దగ్గర ఆగండి. ఒక సిబ్బంది రెండు నిమిషాలు, మరొకరు పది నిమిషాలు ఆగి ఉంటే మొదటి కేంద్రంలోని వారికి రక్తపోటు ఎక్కువగా నమోదవుతుంది. ఇక్కడ అంకె తప్పనిసరి.

*ఐదవ వాక్యంలో* స్విచ్ ఆన్ చేయడం, బటన్ నొక్కడం ఎవరైనా ఊహించగలరు. ఊహించలేనివి నాలుగు: పరికరం మోడల్, కఫ్ సైజు, ఏ చేయి, ఆ చేయి ఏ ఎత్తులో ఉంది. రాయవలసినవి వదిలి రాయనవసరం లేనివి రాయడం అంటే ఇదే. 'శిక్షణ పొందిన', 'ప్రామాణిక' అన్న విశేషణాలు పాఠకుడికి నమ్మకం కలిగించడానికి వాడినవి. వాటితో అతడు చేయగలిగిన పని ఏమీ లేదు.

*ఆరవ వాక్యం* అన్నింటికన్నా ప్రమాదకరమైనది. దీనికి ప్రత్యేకంగా కొంత చోటు ఇద్దాం.

5.1 'అవసరమైనప్పుడు' అన్న మాట వెనక ఏముంది?

'అవసరమైనప్పుడు మళ్ళీ కొలిచాం' అంటే ఆచరణలో ఏం జరిగి ఉంటుంది? అంకె ఎక్కువగా కనిపించినప్పుడు సిబ్బంది అనుమానించి మళ్ళీ కొలుస్తారు. తక్కువగా కనిపిస్తే సరే అనుకుంటారు. ఇందులో దురుద్దేశం లేదు. అయినా లెక్క ఒకవైపుకు వంగుతుంది.

ఒక వ్యక్తి రక్తపోటు నిజ సగటు 140 అనుకోండి. లెక్క తేలికగా ఉండటానికి, ఎప్పుడు కొలిచినా 136 గాని 144 గాని సమాన అవకాశంతో వస్తాయనుకుందాం. 140 దాటితేనే మళ్ళీ కొలిచి, రెండింటి సగటు తీసుకుంటారు.

మొదటిసారి 136 వచ్చే అవకాశం సగం. అప్పుడు 136నే నమోదు చేస్తారు. మొదటిసారి 144 వచ్చే అవకాశం మిగతా సగం. అప్పుడు మళ్ళీ కొలుస్తారు. రెండవసారి 136 వస్తే సగటు 140, మళ్ళీ 144 వస్తే సగటు 144. ఈ రెండింటికీ చెరి పావు వంతు అవకాశం. మొత్తం కలిపితే 136లో సగం 68, 140లో పావు 35, 144లో పావు 36, అన్నీ కలిపి 139. నిజ సగటు 140 ఉన్న మనిషి పుస్తకంలో 139గా మారాడు.

ఒక్క మిల్లీమీటరే కదా అనిపించవచ్చు. ఇప్పుడు మన అధ్యయనంలో కనిపించగల ప్రభావం ఎంతో చూడండి. చైనాలో 600 గ్రామాలలో ఉప్పు ప్రత్యామ్నాయంపై జరిగి, 2021లో ప్రచురితమైన పెద్ద అధ్యయనంలో సిస్టోలిక్ రక్తపోటు తగ్గినది సగటున సుమారు 3.3 మి.మీ. మాత్రమే. సోడియం తగ్గించిన ఉప్పు వాడుతున్న వారెవరో సిబ్బందికి తెలిసి, ఆ వర్గంలో ఎక్కువ అంకె వచ్చినప్పుడు 'ఇంత ఉండకూడదే' అని మళ్ళీ కొలిచి, రెండవ వర్గంలో అలా చేయకపోతే, ఉప్పు ఏ పనీ చేయకపోయినా 1 మి.మీ. తేడా పుట్టుకొస్తుంది. అది మనం వెతుకుతున్న ప్రభావంలో దాదాపు మూడో వంతు.

అందువల్ల రెండు విషయాలు రాయక తప్పదు. అందరికీ ఎన్నిసార్లు కొలిచారు, వాటిలో వేటి సగటు తీసుకున్నారు అన్నది ఒకటి. కొలిచినవారికి ఏ కుటుంబం ఏ వర్గంలో ఉందో తెలుసా అన్నది రెండవది. చిత్తుప్రతిలో ఈ రెండవ విషయం ఊసే లేదు. ఒకవేళ మీ సిబ్బంది నిజంగానే ఇష్టం వచ్చినప్పుడు మళ్ళీ కొలిచి ఉంటే, దానిని 'మూడుసార్లు కొలిచాం' అని చక్కదిద్ది రాయకూడదు. జరిగినది జరిగినట్లు రాసి, పరిమితుల భాగంలో దాని ప్రభావం ఏ దిశలో ఉండవచ్చో చెప్పాలి. బిగించడం అంటే వాక్యాన్ని సరిచేయడం, జరిగినదాన్ని మార్చడం కాదు.

*ఏడవ వాక్యంలో* పాస్‌వర్డ్, పెన్‌డ్రైవ్ కొలతను మార్చవు. నమోదులో పొరపాట్లను ఎలా పట్టుకున్నారు అన్నది ఉంటే, అది 'సమాచార నిర్వహణ' భాగంలో ఒక వాక్యం అవుతుంది.

5.2 తిరగరాసిన పేరా

> అధ్యయనం మొదట్లోనూ, 12 వారాల చివరనూ, ఉదయం 8–10 గంటల మధ్య ఉపకేంద్రంలో రక్తపోటు కొలిచాం. అంతకు ముందు 30 నిమిషాలు కాఫీ, టీ, పొగాకు, శారీరక శ్రమ లేకుండా చూశాం. పాల్గొన్నవారు మూత్రవిసర్జన చేసి వచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలపై ఉంచి, మాట్లాడకుండా 5 నిమిషాలు కూర్చున్నారు. కుడిచేతిని గుండె ఎత్తులో బల్లపై ఆనించి, స్వయంచాలక పరికరంతో ఒక్కో నిమిషం వ్యవధిలో అందరికీ మూడుసార్లు కొలిచాం. భుజం, మోచేయి మధ్యభాగపు చుట్టుకొలత 22–32 సెం.మీ. ఉంటే మధ్యరకం కఫ్, అంతకు మించితే పెద్ద కఫ్ వాడాం. రెండవ, మూడవ కొలతల సగటును విశ్లేషణకు తీసుకున్నాం. కొలిచిన నర్సు గదిలోనే ఉన్నారు. ఏ కుటుంబానికి ఏ ఉప్పు అందిందో ఆమెకు తెలియదు.

'స్వయంచాలక పరికరం' అన్న చోట మీరు తయారీ సంస్థ పేరు, మోడల్ సంఖ్య చేర్చాలి. కఫ్ కొలతలు కూడా ఆ పరికరంతో వచ్చినవే రాయాలి, ఎందుకంటే అన్ని సంస్థల కఫ్‌లూ ఒకే హద్దుల్లో ఉండవు.

రెండు పేరాలను పక్కపక్కన పెట్టి చూడండి. పొడవు దాదాపు అంతే. కానీ మొదటి దానిలో కొలతను మార్చే వివరాలు దాదాపు లేవు. రెండవ దానిలో కొలతను మార్చని వివరం లేదు. కొందరు అనుకున్నట్లు బిగించిన పేరా ఎప్పుడూ చిన్నదే కానక్కరలేదు.

6. 'జరిగింది' అన్న క్రియ గురించి

చిత్తుప్రతిలో 'ఇవ్వడం జరిగింది', 'తీసుకోవడం జరిగింది' అన్న వాక్యాలు ఎన్ని ఉన్నాయో గమనించారా? శాస్త్రీయంగా ఉంటుందని మనం ఈ ప్రయోగానికి అలవాటుపడ్డాం. దీనివల్ల నష్టం పదాల ఖర్చు ఒక్కటే కాదు. అది పని చేసినవారిని కనపడకుండా చేస్తుంది. 'కొలవడం జరిగింది' అంటే ఎవరు కొలిచారు? అధ్యయనం నర్సా, ఉపకేంద్రం సిబ్బందా, ఉప్పు పంచిన మనిషేనా? ఉప్పు పంచినవారే కొలిచి ఉంటే వారికి వర్గం తెలుసు. ఈ ప్రశ్నను ఆ క్రియాపదం కప్పేసింది. చేసినవారు ఎవరన్నది ఫలితాన్ని మార్చగలిగిన చోట కర్తను పేర్కొని 'నర్సు కొలిచారు' అని రాయండి. మార్చలేని చోట 'కొలిచాం' చాలు.

7. ఉటంకింపుతో కుదించడం

పద్ధతి ఇదివరకే ఎక్కడో వివరంగా ప్రచురితమై ఉంటే, దానిని ఉటంకించి మీ వివరణను తగ్గించుకోవచ్చు. దీనికి మూడు షరతులున్నాయి. ఆ మూలంలో పద్ధతి పూర్తిగా ఉండాలి. పాఠకుడికి అది అందుబాటులో ఉండాలి. మీరు దానిని మార్చకుండా అనుసరించి ఉండాలి.

మొదటి షరతు ఎలా తప్పుతుందో చూడండి. మీరు 'ఇంతకు ముందు వివరించిన విధంగా' అని ఒక వ్యాసాన్ని ఉటంకిస్తారు. ఆ వ్యాసం తెరిస్తే అందులోనూ 'ఇంతకు ముందు వివరించిన విధంగా' అనే ఉంటుంది. అది చూపిన పాత వ్యాసంలో వేరే పరికరం, వేరే వయసువారు. పాఠకుడు మూడు మెట్లు దిగినా పద్ధతి దొరకదు. కాబట్టి ఉటంకించే ముందు ఆ మూలాన్ని మీరే తెరిచి, పద్ధతి అక్కడ నిజంగా ఉందో లేదో చూడండి.

మూడవ షరతుకు ఉదాహరణ ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి స్టెప్స్ సర్వే విధానం. అందులోనూ మూడుసార్లు కొలిచి, చివరి రెండింటి సగటు తీసుకుంటారు. మన పేరాలోనూ అంతే. అందువల్ల 'స్టెప్స్ విధానం ప్రకారం కొలిచాం' అని రాస్తే ఐదు వాక్యాలు తగ్గుతాయి కదా అనిపిస్తుంది. కానీ స్టెప్స్‌లో కొలతకు ముందు విశ్రాంతి 15 నిమిషాలు, కొలతల మధ్య విరామం 3 నిమిషాలు. మన అధ్యయనంలో అవి 5 నిమిషాలు, 1 నిమిషం. ఉటంకింపు ఒక్కటే ఉంటే పాఠకుడు 15 నిమిషాలు అనుకుంటాడు. అంటే ఆ ఉటంకింపు వివరణను కుదించలేదు, తప్పు చెప్పింది. ఇలాంటప్పుడు సరైన వాక్యం ఇది: 'విశ్రాంతి 5 నిమిషాలకు, విరామం 1 నిమిషానికి తగ్గించడం మినహా స్టెప్స్ విధానాన్ని అనుసరించాం.' మార్పు చెప్పాక ఉటంకింపు మళ్ళీ పనికొస్తుంది.

8. తీసివేసిన వివరాలు ఎక్కడికి వెళ్ళాలి?

వ్యాసం నుంచి తీసివేసినంత మాత్రాన అన్ని వివరాలూ పారేయవలసినవి కావు. పని నిజంగా మళ్ళీ చేయదలచినవారికి మాత్రమే కావలసినవి కొన్ని ఉంటాయి: సిబ్బందికి ఇచ్చిన సూచనల పత్రం, నమోదు ఫారం, పరికరాన్ని ఎంత తరచుగా సరిచూశారు అన్న పట్టిక. వీటిని అనుబంధంలో ఇవ్వండి. ముందుగా నిర్ణయించిన లక్ష్యాలు, కొలిచే సమయాలు అధ్యయన ప్రణాళికలోనూ, భారతీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ నమోదులోనూ ఉంటాయి. మన దేశంలో క్లినికల్ ట్రయల్స్‌కు ఈ నమోదు 2009 జూన్ నుంచి తప్పనిసరి. వ్యాసంలో నమోదు సంఖ్య ఇస్తే పాఠకుడు రెండింటినీ పోల్చి చూసుకోగలడు. పోల్చినప్పుడు తేడా కనిపిస్తే దానికి కారణం వ్యాసంలోనే ఉండాలి.

ఇక్కడ ఒక హద్దు పాటించండి. ఫలితాన్ని నమ్మాలా వద్దా అని *నిర్ణయించడానికి* కావలసినది వ్యాసంలో ఉండాలి. పనిని *చేయడానికి* మాత్రమే కావలసినది అనుబంధంలో ఉండవచ్చు. నర్సుకు వర్గం తెలుసా అన్నది అనుబంధంలో దాచవలసిన విషయం కాదు. ఫారం నమూనా వ్యాసంలో ఉండవలసిన విషయం కాదు.

9. పూర్తయిందని ఎలా తెలుస్తుంది?

మీ పేరా మీరే చదివితే లోపాలు కనిపించవు, ఎందుకంటే ఖాళీలను మీ జ్ఞాపకమే పూరిస్తుంది. మీ అధ్యయనంతో సంబంధం లేని ఒక నర్సుకో, తోటి విద్యార్థికో ఆ పేరా ఇచ్చి, 'రేపు పొద్దున ఒకరికి రక్తపోటు ఇలాగే కొలవాలి, చేయవలసినవి వరుసగా కాగితం మీద రాయండి' అని అడగండి. ఏమీ వివరించకుండా పక్కన కూర్చోండి. వారు ఆగి మిమ్మల్ని ప్రశ్న అడిగిన ప్రతిచోటా ఒక వివరం లోపించింది. పేరాలో ఉండి కూడా వారి జాబితాలోకి రాని మాటలను గుర్తుపెట్టుకోండి. వాటిలో చాలావరకు అనవసరమైనవి. కొన్ని మాత్రం, ఉదాహరణకు నర్సుకు వర్గం తెలియదన్న మాట, జాబితాలోకి రాకపోయినా ఉండాలి. అవి చేసేవారి కోసం కాక, తీర్పు చెప్పేవారి కోసం ఉన్నవి.

10. సారాంశం

పద్ధతుల విభాగాన్ని బిగించడం పదాలను లెక్కపెట్టే పని కాదు. మార్చి చేస్తే ఫలితం మారేది, చెప్పకపోతే పాఠకుడు ఊహించలేనిది ఉండాలి. తక్కినది పోవాలి, లేదా తన చోటికి వెళ్ళాలి. 'కొంతసేపు', 'అవసరమైనప్పుడు', 'ప్రామాణిక', 'శిక్షణ పొందిన' అన్న మాటలు కనిపిస్తే అక్కడ ఒక అంకెనో, నియమమో దాగి ఉందని అనుమానించాలి. ఉటంకింపు మీరు చేసినదానికి సరిగ్గా సరిపోవాలి, లేదా తేడా చెప్పాలి.

11. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'ఉపవాసం తరువాత రక్తంలో చక్కెర పరీక్షించాం' అన్న వాక్యంలో ఫలితాన్ని మార్చగల ఏ వివరాలు లోపించాయి?

2. ఒక విద్యార్థి బరువు కొలత గురించి ఇలా రాశాడు: 'గోడ పక్కన తెల్లని గచ్చు మీద పెట్టిన డిజిటల్ త్రాసుపై పాల్గొన్నవారిని నిలబెట్టి బరువు చూడడం జరిగింది.' దీనిని తిరగరాయండి.

*సమాధాన సూచనలు*

1. ఎన్ని గంటల ఉపవాసం. రక్తం సిర నుంచా, వేలికొన నుంచా. ప్రయోగశాలలో పరీక్షించారా, చిన్న మీటరుతోనా. సిర నుంచి తీస్తే ఏ గొట్టంలో తీశారు, ఎంతసేపటిలో ప్లాస్మాను వేరుచేశారు. చివరిది ఎందుకంటే, గొట్టంలోని రక్తకణాలు చక్కెరను వాడుకుంటూనే ఉంటాయి. మామూలు గది ఉష్ణోగ్రతలో వేరుచేయకుండా ఉంచితే గంటకు సుమారు 5–7 శాతం తగ్గుతుంది. ఉదయం తీసిన రక్తాన్ని మధ్యాహ్నం దాకా అలాగే ఉంచి జిల్లా కేంద్రానికి పంపిన అధ్యయనంలో ఈ వివరం లేకపోతే, కొందరు మధుమేహ రోగులు ఆరోగ్యవంతులుగా లెక్కకు వచ్చారేమో తెలుసుకునే దారి ఉండదు.

2. గచ్చు రంగు, గోడ అక్కరలేదు. గచ్చు సమతలంగా, గట్టిగా ఉందా అన్నది కావాలి. చెప్పులు, బరువైన దుస్తులు తీశారా. త్రాసు మోడల్, ఎన్ని గ్రాముల వరకు చూపిస్తుంది. ఎన్నిసార్లు చూశారు అన్నవి చేర్చండి. 'చూడడం జరిగింది' అన్నదాని స్థానంలో 'చూశాం' అని రాయండి.